ఫార్మాట్ కొట్టాక మొదటి పది నిమిషాలు

మా నాన్నమ్మ పాటలు పదకొండు ఫైళ్లు. అందులో ఒకటి పూర్తిగా పోయింది, ఒకటి తల లేకుండా మిగిలింది, తొమ్మిది చెక్కు చెదరకుండా వచ్చాయి. తొమ్మిది ఎందుకు వచ్చాయి, రెండు ఎందుకు రాలేదు అన్నదే ఈ వ్యాసం. కారణం సాఫ్ట్‌వేర్ గొప్పతనం కాదు. ఫార్మాట్ కొట్టిన తర్వాత ఆ పెన్‌డ్రైవ్‌లోకి ఏమెళ్లింది, ఎంతెళ్లింది అన్నదొక్కటే తేడా.

సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు, మన క్లబ్ జానపద గీతాల సంచిక కోసమని ఒక చిన్న వాయిస్ రికార్డర్ అరువు తీసుకుని వెళ్లాను. నాన్నమ్మ గొబ్బి పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాట పాడింది, మధ్యమధ్య బోలెడు కబుర్లు చెప్పింది. అంతా కలిపి రెండు గంటల పైచిలుకు. డబ్ల్యూఏవీ ఫైళ్లు కాబట్టి సైజు కూడా 1.3 జీబీ వచ్చింది. వాటిని ఒక ఫోల్డర్‌గా 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి, రికార్డర్ ఖాళీ చేసి తిరిగిచ్చేశాను. ఇంకో కాపీ తీయలేదు. ఉగాది ముందు నాన్నమ్మకి పక్షవాతం వచ్చింది. మనిషి బాగానే ఉంది గానీ మాట ముద్దగా వస్తోంది. ఇక పాట సంగతి చెప్పక్కర్లేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మా రూమ్మేట్ వచ్చి, "మావా, ఖాళీ పెన్‌డ్రైవ్ ఉంటే ఇవ్వరా, సెమినార్ పీపీటీ వేసుకోవాలి" అన్నాడు. నా డబ్బాలో ఒకేలాంటివి రెండున్నాయి. ఒకటి తీసి, లాప్‌టాప్‌కి పెట్టి, రైట్ క్లిక్, Format, Start. Quick Format దగ్గర టిక్ ముందే ఉంటుంది కదా, పది సెకన్లలో అయిపోయింది. వాడు పీపీటీ వేసుకుని వెళ్లాడు. రాత్రి రెండో పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే అందులో పాత ల్యాబ్ రికార్డులున్నాయి. అప్పుడు అర్థమైంది ఏది ఫార్మాట్ చేశానో.

పరిగెత్తి వాడి దగ్గరికెళ్లేసరికి, వాడు అదే పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ సినిమా ఎక్కించబోతున్నాడు. పేస్ట్ నొక్కలేదింకా. చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఆ నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో లెక్క కట్టి చూపిస్తాను.

పది సెకన్లలో నిజంగా చెరిగేదెంత?

విండోస్‌లో 32 జీబీ పెన్‌డ్రైవ్‌కి మామూలుగా ఉండే ఫైల్ సిస్టమ్ ఎఫ్ఏటీ32. అది మొత్తం జాగాని క్లస్టర్లు అనే సమానమైన గదులుగా విడగొడుతుంది. నా డ్రైవ్‌లో ఒక్కో గది 16 కేబీ. అంటే దాదాపు ఇరవై లక్షల గదులు. డ్రైవ్ మొదట్లో ఒక పెద్ద పట్టీ ఉంటుంది. ప్రతి గదికీ అందులో 4 బైట్ల జాగా. "ఈ గదిలో ఉన్న ఫైలు తర్వాతి ముక్క ఫలానా గదిలో ఉంది" అనో, "ఇక్కడితో ఫైలు అయిపోయింది" అనో, సున్నా ఉంటే "ఈ గది ఖాళీ" అనో రాసి ఉంటుంది. ఈ పట్టీ పేరే ఎఫ్ఏటీ. ఇరవై లక్షలని నాలుగుతో గుణిస్తే 8 ఎంబీ. జాగ్రత్త కోసం రెండు నకళ్లుంటాయి, మొత్తం 16 ఎంబీ.

క్విక్ ఫార్మాట్ చేసేది ఇంతే. మొదటి బూట్ సెక్టార్ కొత్తగా రాస్తుంది, ఈ రెండు పట్టీలని సున్నాలతో నింపుతుంది, పై స్థాయి ఫోల్డర్ జాబితా ఉండే ఒక్క గదిని తుడుస్తుంది. 32,000 ఎంబీలో అది రాసింది 16 ఎంబీ. అంటే రెండు వేలలో ఒక వంతు. అందుకే పది సెకన్లలో అయిపోతుంది. మిగతా గదుల వైపు అది కన్నెత్తి కూడా చూడదు.

మన హాస్టల్‌తో పోల్చుకోండి. వార్డెన్ రిజిస్టర్ చించేసి కొత్త పుస్తకం తెరిచాడు. అందులో అన్ని గదులూ ఖాళీ. కానీ లోపల పిల్లలందరూ హాయిగా పడుకునే ఉన్నారు. ప్రమాదం ఇప్పుడు కాదు. కొత్తగా ఒకడు పెట్టె పట్టుకుని వచ్చినప్పుడు వార్డెన్ రిజిస్టర్ చూసి "మొదటి గదికి పో" అంటాడు. ఆ గదిలో ఉన్నవాడికి మాత్రం డ్రైవ్ మీద ఇక చోటుండదు.

ఈ పోలికలో గమనించాల్సింది "మొదటి గది" అన్న మాట. ఫార్మాట్ అయిన డ్రైవ్‌లో కొత్త ఫైళ్లు మొదట్నుంచే నిండుతాయి. పాత ఫైళ్లు కూడా ఒకప్పుడు ఖాళీ డ్రైవ్‌లో మొదట్నుంచే నిండాయి. "32 జీబీ ఉంది కదా, ఒక చిన్న ఫైలు వేస్తే ఎక్కడో మూల పడుతుందిలే" అనుకుంటాం. పడదు. సరిగ్గా పాత ఫైళ్ల నెత్తిన పడుతుంది. నా పాటలు మొదటి 1.3 జీబీలోనే ఉన్నాయి. ఆ 4 జీబీ సినిమా ఎక్కి ఉంటే పదకొండూ పోయేవి. ఏ సాఫ్ట్‌వేరూ, ఏ దుకాణమూ తెచ్చేది కాదు.

ఆపడం అంటే ఏమేం ఆపాలి?

"ఏమీ కాపీ చేయకూడదు" అన్నది సగం మాటే. మనం రాయకపోయినా సిస్టమ్ రాస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే విండోస్ దానిలో System Volume Information అనే దాచిన ఫోల్డర్ తయారు చేసి, రెండు చిన్న ఫైళ్లు పెడుతుంది. అవి కూడా మొదటి గదుల్లోనే కూర్చుంటాయి. అందుకే "ఒకసారి పెట్టి చూద్దాం, ఏమైనా కనపడుతుందేమో" అని పదిసార్లు పెట్టి తీయకూడదు. తీసి పక్కన పెట్టేయాలి.

నేను తర్వాత నలుగురైదుగురిని అడిగితే, ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువమంది పోగొట్టింది ఫార్మాట్ దగ్గర కాదు, కంగారులో చేసిన పనుల దగ్గర. ఒకడు రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డ్రైవ్‌లోకి డౌన్‌లోడ్ చేశాడు. ఇంకొకడు దొరికిన ఫైళ్లని అదే డ్రైవ్‌లో సేవ్ చేశాడు. మొదట దొరికిన ఫోటోలు తర్వాత దొరకాల్సినవాటిని తొక్కేశాయి. ఒకడు chkdsk /f నడిపాడు. అది డ్రైవ్‌ని సరిచేసే పరికరం, అంటే రాసే పరికరం. ఒకమ్మాయి మళ్లీ ఫార్మాట్ చేసింది, ఈసారి Quick Format టిక్ తీసేసి. విస్టా నుంచి విండోస్‌లో ఫుల్ ఫార్మాట్ అంటే డ్రైవ్ అంతా సున్నాలు రాయడమే. హాస్టల్ భాషలో చెప్పాలంటే గది గదికీ వెళ్లి ఖాళీ చేయించడం. అక్కడితో కథ ముగిసింది.

పోయింది లాప్‌టాప్ లోపలి హార్డ్‌డిస్క్‌లో అయితే ఇంకా తొందరపడాలి. ఆ డిస్క్ మీదే విండోస్ నడుస్తుంటే బ్రౌజర్ తెరిచి "ఎలా తెచ్చుకోవాలి" అని వెతకడం కూడా రాయడమే. వెంటనే ఆపేసి, వెతకడం ఫోన్‌లో చేసుకోవాలి.

ముందు నకలు, తర్వాతే వెతుకులాట

మా ల్యాబ్‌లో ఒక సీనియర్ అన్న నాకు నేర్పింది ఒక్కటే. "అసలు డ్రైవ్ మీద ప్రయోగాలొద్దురా. బిట్ టు బిట్ నకలు తియ్యి, డ్రైవ్ బీరువాలో పెట్టు, తప్పులన్నీ నకలు మీద చెయ్యి." తన ఉబుంటు సిస్టమ్‌లో చేశాం. డెస్క్‌టాప్ లినక్స్ కూడా పెన్‌డ్రైవ్ పెట్టగానే తనంతట తానే మౌంట్ చేస్తుంది కాబట్టి ముందు దాన్ని ఆపి, అప్పుడు డ్రైవ్ పెట్టి, దాన్ని చదవడానికి మాత్రమే అని గుర్తు పెట్టాం.

```
gsettings set org.gnome.desktop.media-handling automount false
lsblk
sudo blockdev --setro /dev/sdb
sudo ddrescue /dev/sdb pen.img pen.map
```

lsblk లో సైజు చూసి ఏది పెన్‌డ్రైవో గుర్తుపట్టాలి. 32 జీబీ డ్రైవ్ అక్కడ 29 చిల్లరగా కనపడుతుంది. మాకు /dev/sdb, మీకు వేరే అక్షరం రావచ్చు. ఇక్కడ తొందరపడితే ఉన్నది కూడా పోతుంది, ఎందుకంటే చివరి కమాండ్‌లో మొదటిది చదివేది, రెండోది రాసేది. తారుమారు చేయకండి. ddrescue ఉబుంటులో gddrescue అన్న ప్యాకేజీ పేరుతో దొరుకుతుంది. pen.img పడే డిస్క్‌లో 32 జీబీ ఖాళీ ఉండాలి. మాకు ఇరవై నిమిషాలు పైనే పట్టింది.

నకలు చేతికొచ్చాక నడిపింది ఫొటోరెక్. పేరులో ఫొటో ఉన్నా అన్ని రకాల ఫైళ్లనీ వెతుకుతుంది, ఉచితం. ఇది పట్టీని నమ్ముకోదు. గది గదికీ వెళ్లి మొదటి కొన్ని బైట్లు చూస్తుంది. డబ్ల్యూఏవీ ఫైలు అయితే RIFF అన్న నాలుగక్షరాలతో మొదలవుతుంది, వెంటనే ఫైలు ఎంత పొడుగో కూడా రాసి ఉంటుంది. అంతమేరకు వరసగా కోసి బయటపెడుతుంది.

```
photorec pen.img
```

మెనూలో మేం No partition ఎంచుకున్నాం. File Opt లోకి వెళ్లి అన్నీ తీసేసి riff, zip మాత్రమే ఉంచాం. డబ్ల్యూఏవీ riff కిందికి వస్తుంది, పీపీటీఎక్స్ లోపల నిజానికి జిప్ ఫైలే. ఫైల్ సిస్టమ్ అడిగితే Other, Free కావాలా Whole కావాలా అని అడిగితే Whole. ఫలితాలు వేరే డిస్క్‌లో పడేలా చూసుకున్నాం.

recup_dir.1 అన్న ఫోల్డర్‌లో తొమ్మిది డబ్ల్యూఏవీలు, ఒక పీపీటీ వచ్చాయి. పాటల పేర్లు లేవు. f0221024.wav లాంటి పేర్లు. ఒక్కోటి తెరిచి మొదట్లో, మధ్యలో, చివర్లో విన్నాం. ఇది తప్పనిసరి. ఫైలు సైజు సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపలిది సరిగ్గా ఉన్నట్టు కాదు. మధ్యలో ఏదైనా కొత్త ఫైలు పడి ఉంటే పాట నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి బరబర శబ్దం వస్తుంది. మాకు తొమ్మిదింటిలోనూ నాన్నమ్మ గొంతే చివరిదాకా వినిపించింది.

పీపీటీ తొక్కిన జాగా

పదకొండులో తొమ్మిదంటే రెండు లేవు. ఏవి లేవో విని తేల్చాం. మొదటి గొబ్బి పాట మూడు నిమిషాలది, దాని తర్వాతి అప్పగింతల పాట ఆరు నిమిషాలది. ఫోల్డర్‌లో మొదటి రెండూ అవే.

ఫొటోరెక్ పెట్టే పేరులోని అంకె ఆ ఫైలు మొదలైన సెక్టార్ నంబరు. సెక్టార్ అంటే 512 బైట్లు. పీపీటీ 34,944 దగ్గర మొదలైంది. దాని సైజు 40 ఎంబీ కాబట్టి 113,088 దగ్గర ముగిసింది. దొరికిన పాటల్లో అన్నిటికంటే ముందున్నది 221,024 దగ్గర మొదలైంది. అది నా వరసలో మూడో పాట. అంటే 113,088 నుంచి 221,024 దాకా ఫొటోరెక్‌కి పేరు తెలియని జాగా ఒకటుంది. అందులో ఏముండాలి?

మన రికార్డింగ్ సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 2 బైట్లు, రెండు ఛానళ్లు. అంటే సెకనుకి 176,400 బైట్లు, నిమిషానికి పది ఎంబీ పైన. మూడు నిమిషాల పాటకి 32 ఎంబీ దాకా అవుతుంది. 40 ఎంబీ పీపీటీ దాన్ని నిలువునా మింగేసి, ఇంకో 8 ఎంబీ ముందుకెళ్లింది. అప్పగింతల పాటలో మొదటి 47 సెకన్లు పోయాయి. ఆ మొదట్లోనే RIFF అన్న గుర్తు ఉంటుంది కాబట్టి ఫొటోరెక్ దాన్ని గుర్తుపట్టలేదు. తల లేదు గానీ మొండెం అక్కడే ఉంది. దాన్ని చేత్తో కోశాం.

```
dd if=pen.img of=appagintalu.raw bs=512 skip=113088 count=107936
```

ఈ ముక్కని ఆడాసిటీలో File, Import, Raw Data ద్వారా తెరిచి, 16-bit PCM, Little-endian, Stereo, 44100 అని చెప్పాం. ఇవి తప్పిస్తే అంతా హోరు వినిపిస్తుంది, సరిగ్గా ఇస్తే మాట వినిపిస్తుంది. వినిపించింది. ఐదు నిమిషాల పదమూడు సెకన్లు. పాట మధ్యలో ఒక చరణం సగం నుంచి మొదలవుతుంది.

పేర్లు ఎందుకు పోయాయో కూడా ఇక్కడే తెలిసింది. క్విక్ ఫార్మాట్ తుడిచేది పై స్థాయి జాబితానే. నా పాటలు ఒక ఫోల్డర్ లోపల ఉన్నాయి. ఆ ఫోల్డర్ జాబితా, అంటే ఫైళ్ల పేర్లు, తేదీలు, ఎవరు ఏ గదిలో మొదలయ్యారు అన్నదంతా, మామూలు గదుల్లో ఒకదానిలోనే ఉంటుంది. ఫార్మాట్ దాన్ని ముట్టుకోలేదు. కానీ ఫోల్డర్ కాపీ చేసినప్పుడు ముందు ఫోల్డర్ తయారై, తర్వాత అందులోకి ఫైళ్లు వెళ్తాయి. కాబట్టి జాబితా గది మొదటి పాటకి ముందే ఉంటుంది. పీపీటీ మొదట అడుగు పెట్టింది సరిగ్గా ఆ గదిలోనే. అది పడకుండా ఉంటే, ఫోల్డర్ జాబితాలని వెతికే సాఫ్ట్‌వేర్‌తో పదకొండూ పేర్లతో సహా వచ్చేవి. నలభై ఎంబీ మొత్తం డ్రైవ్‌లో ఎనిమిది వందల్లో ఒక వంతు. అంత చిన్నదే ఒక పాటని, ఒక పాట తలని, పదకొండు పేర్లని తీసుకుపోయింది.

ఇది ఎక్కడ పనిచేయదు

మా వాళ్లు ఈ కథ విని "అయితే లాప్‌టాప్‌లో డీ డ్రైవ్ ఫార్మాట్ అయినా తెచ్చుకోవచ్చన్నమాట" అన్నారు. పాత తిరిగే హార్డ్‌డిస్క్ అయితే చాలావరకు అవును. ఇప్పటి లాప్‌టాప్‌ల్లో ఉండే ఎస్ఎస్‌డీ అయితే ఆశ పెట్టుకోకండి. విండోస్ ఎస్ఎస్‌డీని ఫార్మాట్ చేసినప్పుడు ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది. వార్డెన్ రిజిస్టర్ చించడంతో ఆగకుండా, శుభ్రం చేసేవాళ్లకి "ఈ గదులన్నీ ఖాళీ చేసేయొచ్చు" అని చెప్పడం లాంటిదది. ఆ తర్వాత మనం చదవబోతే ఎక్కువగా సున్నాలే వస్తాయి. అక్కడ మనం రాయడం ఆపినా లోపల జరిగేది ఆగదు. సాధారణ పెన్‌డ్రైవ్‌లకి మామూలుగా ఈ ఆదేశం వెళ్లదు, అందుకే నా పాటలు బతికాయి.

ముక్కలుగా పడిన ఫైళ్లు ఇంకో ఇబ్బంది. నా పాటలు ఖాళీ డ్రైవ్‌లోకి ఒకేసారి కాపీ అయ్యాయి కాబట్టి ఒక్కోటి వరసగా ఉంది. ఏళ్ల తరబడి కొన్ని చెరిపి కొన్ని వేస్తూ వాడిన డ్రైవ్‌లో ఒక పెద్ద వీడియో నాలుగు చోట్ల పడి ఉండొచ్చు. నాలుగు ముక్కలనీ కలిపే గొలుసు ఉన్నది ఎఫ్ఏటీ పట్టీలోనే, దాన్ని ఫార్మాట్ సున్నా చేసింది. అప్పుడు ఫొటోరెక్ తెచ్చిన ఫైలు మొదట బాగుండి మధ్యలో చెడిపోతుంది.

చివరగా, నాన్నమ్మ అప్పగింతల పాట మొదలుపెట్టే ముందు, అది ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పింది. అది ఆ 47 సెకన్లలో ఉంది. నాకు గుర్తున్నంతవరకు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మొన్న ఊరెళ్లినప్పుడు మిగిలిన పాట ఫోన్‌లో వినిపిస్తే, నాన్నమ్మ కాసేపు విని, చేత్తో తాళం వేస్తూ, "మొదలేదిరా నాన్నా?" అని ముద్దముద్దగా అడిగింది.

ఇప్పుడు ఆ తొమ్మిదిన్నర పాటలూ మూడు చోట్ల ఉన్నాయి. ఆ పెన్‌డ్రైవ్ మీద మాత్రం తెల్ల టేపు అంటించి "పెట్టొద్దు" అని రాశాను. గొబ్బి పాట ఉన్న గదుల్లో ఇప్పుడు సెమినార్ స్లయిడ్లున్నాయని తెలుసు. అయినా పారేయబుద్ధి కావడం లేదు.